మాట పడ్డ నెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన పదిమందిలో చెప్పి నవ్విస్తుంటాడు. ఉంటే ఉంటుంది. ఆయనకు మాత్రం కోపమన్నదే లేదు, అందుకే ఆయన కన్నతల్లిని తిరువూరులో అంతమంది ముందు దొంగను చేసి మాట్లాడితే, ఇంటికొచ్చి వినాయకుడి విగ్రహంలా కూర్చున్నాడు. ఆ కోపమూ నేనే పడాల్సి వచ్చింది.

మా అత్త పేరు పిచ్చమ్మ. మాది పెనుగొలను. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పెళ్ళి జరిగినా నెయ్యి మా అత్త చేతిదే వెళ్ళేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, నెయ్యి కాచడంలో అంత గొప్పేముందని అనుకున్నాను. చూసిన తర్వాత నోరు మూసుకున్నాను. పిడకల దాలి మీద పాలు పొద్దస్తమానం మరిగి, మీగడ ఎర్రగా అట్ట కట్టాలి. తోడు పెట్టిన పెరుగు తెల్లవారుజామున చిలకాలి. తీసిన వెన్న ఆ పూటే కాచాలి, రేపటికి ఉంచితే ఒప్పుకునేది కాదు. చివర్లో గుప్పెడు ములగాకు వేసి, అది చిటపటలాడి ఊరుకోగానే గిన్నె దించేది. చల్లారాక తెల్లగా, పూసపూసగా పేరుకునేది. గేదె నెయ్యి కదా, పసుపుపచ్చగా ఉండదు, మల్లెపూవులా ఉంటుంది. దించేటప్పటికి వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా "పిచ్చమ్మగారు నెయ్యి కాస్తన్నారు" అనుకుంటూ పోయేవారు.

మా అత్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చదువు లేదు, మెళ్ళో పెద్ద నగలూ లేవు. నలుగురిలో తలెత్తుకునేందుకు ఆమెకున్నది ఆ నెయ్యి ఒక్కటే.

ఆ ఏడు మాఘమాసంలో తిరువూరు ఆదిశేషయ్యగారి కొడుకు పెళ్ళి. మామిడితోటలూ, పత్తి చేలూ, రెండంతస్తుల మండువా ఇల్లూ ఉన్న మనిషి. మా అత్తకు తమ్ముడి వరస, నాకు బాబాయి అవుతాడు. ఆయనే కబురు పెట్టి, పెళ్ళికి నెయ్యంతా మా అత్తే కాచి తేవాలన్నాడు. మా అత్త సంబరం చెప్పలేను. దూడల పాలు కూడా కొంత తగ్గించి, నడుం నొప్పని ఒక్కసారి కూడా అనకుండా చిలికింది. పెళ్ళి ముందు రోజు నెయ్యిని పెద్ద క్యానులోకి నింపి, మూతికి తడిగుడ్డ కట్టి, బస్సులో నేనూ తనూ చెరో పక్కా పట్టుకుని తిరువూరు చేర్చాం.

పెరట్లో గాడిపొయ్యిలు తవ్వి వంటలు మొదలెట్టారు. పెద్ద వంటవాడు ఏడుకొండలు. తిరువూరులో పెద్ద పెళ్ళిళ్ళన్నీ అతని చేతి మీదే జరుగుతాయి. అతను క్యాను మూత తీసి, ముఖం దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ, పిచ్చమ్మగారూ!" అన్నాడు. కూరగాయలు తరిగే ఆడవాళ్ళు కూడా కత్తిపీటల మీద నుంచి తలలెత్తి చూశారు. ఇది నా రెండు కళ్ళతో చూశాను. అందుకే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

అప్పుడొచ్చాడు ఆదిశేషయ్య. మెడకు మఫ్లరు, నోరు కొంచెం తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నాడు. మాట ముక్కులోంచి వస్తున్నట్టుంది. వస్తూనే సాంబారు గరిటెడు చేతిలో పోయించుకుని నాకాడు. "ఇదేం సాంబారయ్యా? వేణ్ణీళ్ళలా ఉంది. ఉప్పెయ్యి" అన్నాడు. ఏడుకొండలు ఉప్పేశాడు. మళ్ళీ నాకి, "కారం వెయ్యి" అన్నాడు. అతను మారుమాట్లాడకుండా కారమూ వేశాడు.

తర్వాత నెయ్యి దగ్గరకొచ్చాడు. కాస్త తీసుకుని ఎడమచేతి వెనక్కి రాసి, గట్టిగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళు నెయ్యి చూసే పద్ధతే అది. రుద్దిన వేడికి వాసన పైకి తేలుతుంది. ఇంకోసారి రుద్దాడు. నాలుక మీద వేసుకుని చప్పరించాడు. ముఖం గంటుపెట్టుకున్నాడు.

"ఇది నెయ్యి కాదు. డాల్డా" అన్నాడు.

మా అత్తకు ముందు అర్థం కాలేదు. నవ్వబోయింది. "ఏంటి తమ్ముడూ, ఎగతాళా?" అంది.

"ఎగతాళి నాక్కాదు పిచ్చమ్మా, నీకు. అక్కవని నమ్మి ఇంత బాధ్యత పెడితే డాల్డా కాచి తెస్తావా? వాసన లేదు, రుచి లేదు. ఒట్టి జిడ్డు. ఇది విస్తళ్ళలో వేస్తే వియ్యాలవారు నా మొహాన ఉమ్మేస్తారు." అప్పటిదాకా 'అక్కయ్యా' అన్న నోరు 'పిచ్చమ్మా' అంది. ఏడుకొండలు వైపు తిరిగి, "దీపాలకు వాడుకోండయ్యా. బజారు నుంచి సీలు డబ్బాలు తెప్పించండి" అన్నాడు.

నేను నోరు తెరిచాను. మా అత్త నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది. అక్కడ ఇరవైమందికి తక్కువ లేరు. ఆదిశేషయ్య భార్య సరోజినీదేవి పిన్ని ఉంది, చుట్టాలున్నారు, తరిగే ఆడవాళ్ళున్నారు. ఏడుకొండలు కళ్ళెత్తలేదు, గుండిగలో గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఒక్కరు, ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. పెళ్ళికి కూడా ఉండకుండా వచ్చేశాం. క్యాను అక్కడే ఉండిపోయింది.

చెడ్డమాటకు బస్సు టికెట్టు అక్కర్లేదు. మా కంటే ముందే ఊరు చేరింది. పెళ్ళికి నెయ్యి చెప్పిన రెడ్డిగూడెం వాళ్ళు మనిషిని పంపి నెయ్యి వద్దన్నారు. మా ఊళ్ళోనే అరుగుల మీద కూర్చునే పెద్దమనుషులు "నిప్పు లేందే పొగ రాదుగా" అన్నారు. ఏళ్ళ తరబడి ఆ నెయ్యేసుకుని వేళ్ళు నాక్కున్న నోళ్ళే అవి! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకడితో వీధిలోనే పోట్లాడాను. మా ఆయన నన్ను లోపలికి లాక్కొచ్చి, "ఊరుకోవే, నాలుగు రోజులు పోతే మర్చిపోతారు" అన్నాడు. నలుగురితో నారాయణ అనడం తప్ప ఆయనకేం తెలుసు!

కానీ నన్ను భయపెట్టింది ఊరు కాదు, మా అత్త. ఒకరోజు ఇంట్లోకి కాచిన నెయ్యి గిన్నె నా ముఖం ముందు పెట్టి, "పార్వతీ, నిజం చెప్పు. వాసన వస్తందా? నాకొస్తంది. నా ముక్కుకు అలవాటై అలా అనిపిస్తందేమో" అంది. జీవితమంతా ఆ పని చేసిన మనిషి తన ముక్కునే అనుమానించుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. వస్తోందత్తా అని ఎంత చెప్పినా, "నువ్వు నా కోడలివి, అలాగే అంటావు" అంది. మర్నాటి నుంచి కవ్వం పట్టలేదు. పాలన్నీ పాలకేంద్రానికి పోయించేసింది. ఆ తర్వాత గేదెల్ని సంతకు తోలెయ్యమని కొడుకుతో చెప్పింది. ఆయన తల ఊపాడు. ఊపడమే కదా ఆయన పని!

ఆ వారంలోనే నాకు గట్టిగా జలుబు చేసింది. రెండు ముక్కులూ బిగుసుకుపోయాయి. మా అత్త వేడన్నంలో ఆవకాయ కలిపి, నెయ్యి వేసి పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది, కారం నాలుకను కాల్చింది. అంతే. ఆవపిండి ఘాటు లేదు, మామిడికాయ కమ్మదనం లేదు. నెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒట్టి జిడ్డు నోట్లో జారింది.

ఒట్టి జిడ్డు. ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చేటప్పటికి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మఫ్లరు, తెరుచుకున్న నోరు, ముక్కుతో మాట, వేణ్ణీళ్ళలాంటి సాంబారు.

మర్నాడే మందు వంకన తిరువూరు బస్సెక్కి, డాక్టరు సుందరరాజుగారి దగ్గరకు వెళ్ళాను. నా జలుబు సంగతి రెండు ముక్కల్లో చెప్పి అడిగాను. "ముక్కు మూసుకుంటే నాలుకకేం రోగమండీ? అన్నం ఎందుకు చప్పబడుతుంది?"

"నాలుకకేం కాలేదమ్మా. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు. అంతే" అన్నాడాయన.

"షడ్రుచులంటారు కదండీ?"

"కారం మంట. చేతికి రాసుకున్నా మండుతుంది, దానికి నాలుకే అక్కర్లేదు. వగరంటే నోరు బిగదీసుకోవడం. ఇక వంకాయ, ఇంగువ, కాఫీ, నెయ్యి, వీటి రుచని నువ్వనుకునేదంతా చాలావరకు వాసనే. నమిలేటప్పుడు ఆ వాసన నోటి వెనక నుంచి, గొంతు మీదుగా ముక్కులోకి ఎక్కుతుంది. ముక్కు లోపల పైన వాసన పట్టే చోటుంది. నువ్వు ఊపిరి వదిలినప్పుడల్లా అక్కడికి చేరుతుంది. నాలుక చెప్పిందీ, ముక్కు చెప్పిందీ మెదడు కలిపేసి ఒకటే రుచిగా అందిస్తుంది. అందుకే అంతా నోట్లోనే ఉందనుకుంటాం. జలుబు చేస్తే ఆ దారి మూసుకుంటుంది. నాలుక ఒంటరిదైపోతుంది."

"జలుబు తగ్గకుండా వారాల తరబడి అలాగే ఉంటే?"

"అది జలుబు కాకపోవచ్చు. ముక్కులో కండ పెరిగినా అలాగే ఉంటుంది. చాలామందికి ముక్కు పోయిందని తెలియదు. కూర బాగాలేదని పెళ్ళాన్ని తిడుతుంటారు" అని ఆయన మాత్రలు రాస్తూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడట! మా అత్త ఆ మద్దెల అన్నమాట.

జలుబు తగ్గాక, పదహారు రోజుల పండగనాడు ఆదిశేషయ్య ఇంటికి వెళ్ళాను. పెళ్ళికొచ్చిన చుట్టాలే మళ్ళీ వస్తారు, వంటవాడూ అతనే ఉంటాడు. నాకు కావలసింది కూడా అదే. మా అత్తకు చెప్పకుండా ఇంట్లో మిగిలిన నెయ్యి ఒక గిన్నెలో, బజారులో కొన్న డాల్డా ఇంకో గిన్నెలో పట్టుకుని పెరటి దారిన పోయాను. ఏడుకొండలు నన్ను చూసి గరిటె వదిలేశాడు.

"ఈ రెండూ కాస్త కరిగించు" అన్నాను. కంటితో చూసి పోల్చే వీలుండకూడదని నా ఉద్దేశం. అతను ఎందుకని అడక్కుండా కరిగించాడు.

ఆదిశేషయ్య మండువాలో చుట్టాల మధ్య కూర్చునున్నాడు. "ఏంటమ్మా, మళ్ళీ తెచ్చావా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"తెచ్చాను బాబాయిగారూ. ఒకదాన్లో నెయ్యుంది, ఒకదాన్లో డాల్డా ఉంది. ఏది ఏదో చెప్పండి. మీరు చెబితే మా అత్త దొంగని ఊరంతా నేనే చాటుతాను. చెప్పలేకపోతే అన్నమాట వెనక్కి తీసుకోవాలి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నాకు పరీక్ష పెట్టేదానివా నువ్వు?" అని లేవబోయాడు. అప్పుడు సరోజినీదేవి పిన్ని వంటింటి గుమ్మంలోంచి, "చూడండి, పోయేదేముంది?" అంది. ఆమె ఆయనకు ఎదురు చెప్పడం అక్కడెవరూ చూసి ఉండరు. దాంతో ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

ఒక గిన్నెలో వేలు ముంచి చప్పరించాడు. రెండోదీ చప్పరించాడు. మళ్ళీ మొదటిది. చేతి వెనక్కి రాసి రుద్దాడు, పీల్చాడు. లోపల ఏదో అడ్డుపడినట్టు గురగురమంది. చివరకు, "రెండూ డాల్డాయే. నన్ను మోసం చేద్దామని వచ్చావు" అన్నాడు.

మండువాలో ఎవరూ నవ్వలేదు. ఎడమచేతి పక్క గిన్నెలోంచి మా అత్త నెయ్యి వాసన మండువా నిండా ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఓ చిన్నపిల్ల కూడా ఆ గిన్నె వైపే చూస్తోంది. తెలియనిది ఆయన ఒక్కడికే.

"పిన్నీ, మీరు ఇలా రండి. కళ్ళు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకోండి" అన్నాను. ఆమె వచ్చి పట్టుకుంది. రెండిట్లోంచీ చెరో చుక్కా నాలుక మీద వేశాను. "ఏది ఏదీ?"

"తెలవట్లేదే! రెండూ ఒకటేలా ఉన్నాయి. జిడ్డుగా" అందామె ముక్కు పట్టుకునే.

మళ్ళీ మా అత్త నెయ్యి ఒక్కటే వేశాను. "ఇప్పుడు నోరు మూసుకుని, ముక్కు వదిలేసి ఊపిరి వదలండి."

ఆమె వదిలింది. కళ్ళు పెద్దవయ్యాయి. "వచ్చింది! ఇప్పుడొచ్చింది నెయ్యి" అంది. అంటూనే భర్త వైపు తిరిగింది, ఆమె గొంతు మారిపోయింది. "దీపావళి నుంచి నా కూరలు గడ్డిలా ఉన్నాయని కంచాలు తోసేస్తన్నారు. చేతిలో రుచి చచ్చిపోయిందన్నారు. కోడలు రాకముందే ముసలిదాన్నయ్యానని రోజూ ఏడ్చానండీ నేను. మీకు ముక్కు పనిచెయ్యటంలేదు!"

చుట్టాలు ఒక్కొక్కరే ముక్కులు పట్టుకుని, నాకి, వదిలి, ఆశ్చర్యపోవడం మొదలెట్టారు. వాళ్ళకది వేడుకైపోయింది. ఆదిశేషయ్య మాత్రం తన ముక్కును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, వదిలాడు. మళ్ళీ పట్టుకున్నాడు, వదిలాడు. ఆయనకు పట్టుకున్నా వదిలినా ఒకటే. అది తెలుస్తున్నకొద్దీ ముఖంలో నెత్తురు దిగిపోయింది. నాకు ఒక్క క్షణం జాలేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వేసింది.

అంతలో ఏడుకొండలు వెనక నుంచి తగుదునమ్మా అని వచ్చి, "మాకు తెలుసండి. మాలో ఎవడికైనా జలుబు చేస్తే వాణ్ణి రుచి చూడనివ్వం. ఉప్పు తప్ప ఏం తెలవదు వాడికి. అయ్యగారి అవస్థ నేనారోజే పట్టుకున్నా" అన్నాడు.

జాలి కాస్తా ఎగిరిపోయింది.

"ఆ రోజే పట్టుకున్నావా? పట్టుకుని సాంబార్లో ఉప్పు గుమ్మరించావు గానీ నోరెందుకు విప్పలేదు? క్యాను మూత తీసి కళ్ళు మూసుకున్నది నువ్వు కాదూ?" అని అరిచాను. అతను వెనక్కి అడుగేశాడు. నేను మండువా అంతా కలయజూశాను. ముక్కులు పట్టుకుని ఆడుకుంటున్న వాళ్ళందరి చేతులూ దిగిపోయాయి. "ఆయనకు ముక్కు పనిచెయ్యలేదు, సరే. ఆయన తెలియక అన్నాడు. ఆ రోజు పెరట్లో ఇరవైమంది ఉన్నారు. మీ ముక్కులకేమొచ్చింది? మీ అందరికీ వాసన వచ్చింది. పెద్దాయన డాల్డా అన్నాడని మీకూ డాల్డా అయిపోయిందా? ముసలిది అంతమందిలో తలొంచుకుని నిలబడితే చూస్తూ కూర్చున్నారే, అన్నం తినే నోళ్ళేనా అవి?"

ఒక్కరూ పలకలేదు. ఆ రోజూ పలకలేదు, ఈ రోజూ పలకలేదు. సరోజినీదేవి పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆదిశేషయ్య, "అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. అక్కయ్యతో చెప్పమ్మా" అన్నాడు.

"నాతో కాదు, మీరే చెప్పాలి. అందరి ముందూ అన్నారు, ఇంటికొచ్చి చెప్పండి" అని నా గిన్నె తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా అత్తకు జరిగిందంతా చెప్పాను. ఆదిశేషయ్య మాట ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఒకటే అడిగింది. "అయితే ఆ రోజు మిగతావాళ్ళందరికీ వాసన వచ్చిందంటావా?"

"అందరికీ వచ్చిందత్తా."

ఆమె లేచి పెరట్లోకెళ్ళి గేదెలకు గడ్డి వేసింది. సాయంత్రం కొడుకును పిలిచి గేదెల్ని అమ్మొద్దంది. తెల్లవారుజామున కవ్వం చప్పుడుకు నాకు మెలకువొచ్చింది. అయినా బయటి నుంచి మనుషులొచ్చి అడిగితే మాత్రం "ఇంట్లోకే సరిపోతంది" అని పంపించేసేది.

ఆదిశేషయ్య విజయవాడలో పెద్ద డాక్టరు చేత ముక్కులో కండ తీయించుకున్నాడని విన్నాం. వెంటనే వాసనలు రాలేదట. మామిడికాయలు కోతకొచ్చి, ఊరంతా ఆవకాయలు పెట్టుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున మా ఇంటికొచ్చాడు. మా అత్త అప్పుడే వెన్న కాచి, ములగాకు వేసి దించబోతోంది. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. మఫ్లరు లేదు, నోరు మూసుకునే ఉంది. రెండుసార్లు గట్టిగా పీల్చాడు.

"అక్కయ్యా, వస్తంది" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అరుగు ఎక్కి, మా ఊరి పెద్దమనుషులు వింటుండగానే, "తప్పయిపోయిందక్కయ్యా. ఈ నెయ్యిని దీపాలకు పొయ్యమన్నా" అన్నాడు.

మా అత్త అరుగు మీదే పీట వేసింది. విస్తరేసి, కొత్తావకాయ కలిపిన వేడన్నంలో అప్పుడే కాచిన నెయ్యి పోసింది. ఆయన నెమ్మదిగా నమిలాడు, ప్రతి ముద్దకూ ఆగుతూ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక భయంభయంగా అడిగాడు. "మా చిన్నమ్మాయి పెళ్ళి శ్రావణంలో అనుకుంటున్నాం. నెయ్యి నీ చేతిదే కావాలి. మా చుట్టాలూ, ఈ ఊరివాళ్ళూ కూడా తమకూ నెయ్యి కావాలని నన్నే అడగమన్నారక్కయ్యా, వాళ్ళకు మొహం చెల్లట్లేదంట."

అరుగుల మీద పెద్దమనుషులు చెవులు రిక్కించారు. మా అత్త గిన్నె మీద మూత పెట్టింది.

"నీ ఇంటికి కాస్తాలే తమ్ముడూ. నువ్వు ముక్కు లేక అన్నావు. ముక్కులుండి ఊరుకున్నవాళ్ళకు మాత్రం పొయ్యను."

అని లోపలికి వెళ్ళి, వెన్న తీసేసిన మజ్జిగ కుండ నాకందించి, అరుగుల వైపు కళ్ళతో చూపించింది.